ఆసిడ్ పోసేది ఒకచోట, గ్యాస్ తగ్గేది మరోచోట

(డిస్టిలరీల్లో బయోగ్యాస్ ప్లాంట్లు నడిపే ఆపరేటర్లు, కెమిస్టుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, నైట్ షిఫ్ట్ దిగి నేరుగా ఇక్కడికి వచ్చి కూర్చున్న ఆపరేటర్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన సమయంలో పావు వంతు దానికే పోతుంది, కాబట్టి మన్నించాలి. కార్యక్రమ పత్రంలో నా అంశం "బయోగ్యాస్ దిగుబడి పెంచే మార్గాలు" అని వేశారు. దిగుబడి గురించే మాట్లాడతాను, కానీ గంధకం దారిలో వస్తాను. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మన ప్లాంట్లలో ఒక మాట పాతుకుపోయింది: "సల్ఫేట్ బాక్టీరియా మన గ్యాస్ తినేస్తోంది." డైజెస్టర్లో దొంగలు పడ్డట్టు మాట్లాడతాం. వాటిని చంపే మందు ఉందా అని అడుగుతాం, అమ్మేవాళ్ళూ తయారుగా ఉంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో ముందు లెక్క వేద్దాం.

స్పెంట్ వాష్ డైజెస్టర్లోకి వెళ్ళగానే నేరుగా మీథేన్ కాదు. ఒక గుంపు దాన్ని విడగొట్టి లాక్టిక్, ప్రొపియోనిక్, బ్యూటిరిక్ లాంటి ఆమ్లాలు చేస్తుంది. ఇంకో గుంపు వాటిని ఎసిటేట్‌గా, హైడ్రోజన్‌గా మారుస్తుంది. చివర్లో మీథేనోజెన్లు వస్తాయి. అవి బాక్టీరియా కాదు, ఆర్కియా అనే వేరే వంశం. మామూలుగా మీథేన్‌లో దాదాపు 70 శాతం ఎసిటేట్ నుంచి, మిగతాది హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ కలిసి వస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్రొపియోనేట్‌ను విడగొట్టే జీవులకు చుట్టూ హైడ్రోజన్ దాదాపు లేకుండా ఉండాలి, వాతావరణ పీడనంలో పదివేలవ వంతు కంటే తక్కువ. అంతకు మించితే ఆ రసాయన చర్యలో వాటికి శక్తి మిగలదు, పని ఆపేస్తాయి. కాబట్టి హైడ్రోజన్‌ను పుట్టింది పుట్టినట్టు తినేసేవాళ్ళు పక్కనే ఉండాలి. ప్రొపియోనేట్ పెరిగిందని ల్యాబ్ రిపోర్ట్ వస్తే, హైడ్రోజన్ తినేవాళ్ళకు ఏదో అయిందేమో అని అనుమానించండి.

ఆ హైడ్రోజన్ కోసం రెండు వర్గాలు పోటీ పడతాయి. 1982లో క్రిస్టియాన్సన్, షోన్‌హైట్, థావర్ అనే శాస్త్రవేత్తలు దీన్ని కొలిచారు. డీసల్ఫోవిబ్రియో అనే సల్ఫేట్ బాక్టీరియా సగం వేగంతో తినడానికి 1 మైక్రోమోలార్ హైడ్రోజన్ చాలు. మీథేన్ చేసే మీథేనోబ్రెవిబాక్టర్‌కు 6 కావాలి. కాలువ తలలో ఉన్న రైతు నీళ్ళు అందినంత తోడేస్తే చివరి ఆయకట్టుకు మోటారు మునిగేంత నీళ్ళు కూడా రావు కదా, ఇక్కడ జరిగేది అదే. సల్ఫేట్ ఉన్నంతసేపు హైడ్రోజన్ మట్టాన్ని అవి ఇంకా కిందికి దించుతాయి, మీథేనోజెన్లకు అందదు.

ఎసిటేట్ దగ్గర కథ వేరు. సిద్ధాంతం ప్రకారం అక్కడా సల్ఫేట్ బాక్టీరియాకే ఎక్కువ శక్తి దక్కుతుంది. కానీ మనలాంటి డైజెస్టర్లలో సేంద్రియ పదార్థం పుష్కలం, సల్ఫేట్ కొద్ది. అందుకని ఎసిటేట్‌లో సింహభాగం మీథేనోజెన్ల చేతిలోనే ఉండిపోతుంది. అంటే పంపకం ఇలా ఉంటుంది: సల్ఫేట్ ఉన్నంతవరకు హైడ్రోజన్, కొంత లాక్టేట్, ప్రొపియోనేట్ వాళ్ళవి, ఎసిటేట్ వీళ్ళది.

మరి సల్ఫేట్ అయిపోతే? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. 1977లో బ్రయంట్ బృందం ప్రచురించిన పరిశోధన చూడండి. సల్ఫేట్ చాలా తక్కువగా ఉన్నప్పుడు డీసల్ఫోవిబ్రియో మీథేనోజెన్లతో కలిసి బతుకుతుంది. లాక్టేట్‌ను ఎసిటేట్‌గా మార్చి హైడ్రోజన్‌ను వదిలేస్తుంది, పక్కనున్న మీథేనోజెన్ దాన్ని తింటుంది. ఒంటరిగా పెడితే అది అలా పెరగలేదు. నిన్న హైడ్రోజన్ లాక్కున్న జీవే ఇవాళ హైడ్రోజన్ వడ్డిస్తుంది. మందు వేసి దాన్ని చంపాలంటున్నారు మనవాళ్ళు! ల్యాబ్‌లో మాలిబ్డేట్ వేసి వీటిని ఆపుతారు, నిజమే. అది పరిశోధనకు. వేల ఘనపు మీటర్ల ట్యాంకులో పోయడానికి కాదు.

ఇప్పుడు లెక్క. పెన్నులు తీయండి. ఒక ఘనపు మీటర్ స్పెంట్ వాష్ తీసుకుందాం. సీఓడీ 100 కిలోలు, సల్ఫేట్ 5 కిలోలు అనుకోండి. డైజెస్టర్ 65 శాతం సీఓడీ తీసేస్తుందనుకుంటే 65 కిలోలు. సల్ఫేట్ లేకపోతే, కిలోకి 0.35 ఘనపు మీటర్ల చొప్పున 22.75 ఘనపు మీటర్ల మీథేన్ రావాలి. కిలో సల్ఫేట్‌ను క్షయీకరించడానికి 0.67 కిలోల సీఓడీ ఖర్చవుతుంది. 5 కిలోలకు 3.35. దాంతో పోయే మీథేన్ 1.17 ఘనపు మీటర్లు. అంటే 20లో ఒక వంతు. మీరు దొంగతనం అంటున్నది ఇంతే.

ఇంకో ముచ్చట గమనించండి. ఒక సల్ఫేట్ అణువుకు 8 ఎలక్ట్రాన్లు కావాలి, ఒక మీథేన్ అణువులోనూ అవే 8. కాబట్టి ఎంత ఘనపరిమాణం మీథేన్ పోతుందో సరిగ్గా అంత హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. ఇక్కడ అదీ 1.17 ఘనపు మీటర్లే. మీథేన్ 60 శాతం ఉన్న బయోగ్యాస్ సుమారు 36 ఘనపు మీటర్లు వస్తుంది. సల్ఫైడ్ మొత్తం గ్యాస్‌లోకే వస్తే 3.2 శాతం. పీహెచ్ 7.5 దగ్గర నాలుగో వంతు దాకా ద్రవంలోనే ఉండిపోతుంది కాబట్టి గ్యాస్‌లో సుమారు రెండున్నర శాతం కనిపిస్తుంది. రెండున్నర శాతం అంటే 25,000 పీపీఎం.

ఒక్క నిమిషం, ఇక్కడ ఆగాలి. ఈ వాయువు 100 పీపీఎం దాటితే కొద్ది నిమిషాల్లోనే ముక్కు పనిచేయదు, వాసన తెలియదు. వెయ్యి పీపీఎంకు చేరువలో మనిషి ఉన్నట్టుండి కూలిపోతాడు. "కుళ్ళిన గుడ్డు వాసన పోయింది, ఇక ఫర్వాలేదు" అనుకుని కండెన్సేట్ పిట్‌లోకి దిగేవాళ్ళు ఈ గదిలో ఉంటే దయచేసి ఇవాళ్టితో మానేయండి. మీటర్ లేకుండా, పైన ఇంకో మనిషి లేకుండా దిగొద్దు. కింద ఒకడు పడిపోతే ఊపిరి సిలిండర్ లేకుండా రెండోవాడు దూకొద్దు. ఈ మాట అంశంలో లేదు, అయినా చెప్పాలి.

సరే, పోయింది 5 శాతమే. కానీ కొన్ని ప్లాంట్లలో దిగుబడి పావు వంతు పడిపోతుంది. మిగతా 20 శాతం ఎక్కడికి పోయింది? ఎవరూ తినలేదు. అది విషం చేసిన పని.

నీళ్ళలో సల్ఫైడ్ రెండు రూపాల్లో ఉంటుంది. పూర్తి అణువుగా ఉన్న హైడ్రోజన్ సల్ఫైడ్ కణం పొరలోంచి దూరిపోతుంది, విషం అదే. విడిపోయిన రూపం అంత సులువుగా లోపలికి పోలేదు. ఏది ఎంత ఉండాలో పీహెచ్ నిర్ణయిస్తుంది. 7.5 దగ్గర పూర్తి అణువులు దాదాపు 20 శాతం. 6.9కి దిగితే 50 శాతం. మన లెక్కలోని ట్యాంకులో కరిగిన సల్ఫైడ్ లీటరుకు సుమారు 400 మిల్లీగ్రాములు. 7.5 దగ్గర అందులో విషరూపం 80. పీహెచ్ 6.9 అయిన క్షణాన 200. లోపలికి కొత్తగా ఒక్క గ్రాము గంధకం రాలేదు, అయినా విషం రెండున్నర రెట్లయింది. 50 నుంచి 250 మధ్య ఎక్కడో మీథేనోజెన్ల వేగం సగానికి పడిపోతుంది. అంటే మంచి రోజుల్లో కూడా మనం అంచు మీదే నడుస్తున్నాం.

ఇక చక్రం తిరగడం మొదలవుతుంది. మీథేనోజెన్లు నెమ్మదిస్తే ఎసిటేట్ పేరుకుంటుంది, పీహెచ్ దిగుతుంది, విషం పెరుగుతుంది, అవి ఇంకా నెమ్మదిస్తాయి. పైగా గ్యాస్ తగ్గిందంటే సల్ఫైడ్‌ను బుడగల్లో పైకి మోసుకుపోయేది కూడా తగ్గినట్టే, కాబట్టి ద్రవంలో ఇంకా మిగులుతుంది. ఇంకోవైపు నికెల్, కోబాల్ట్ లాంటి లోహాలు సల్ఫైడ్‌తో కలిసి నల్ల మడ్డిగా అడుగుకు చేరతాయి. మీథేనోజెన్లకు ఆ రెండూ లేకపోతే ఎంజైములే లేవు.

దీన్ని ముందే పట్టుకోవడానికి పీహెచ్ మీటర్ ఒక్కటీ చాలదు. స్పెంట్ వాష్ డైజెస్టర్లో క్షారత ఎక్కువ, అందుకే పీహెచ్ కదిలేసరికి ఆలస్యమైపోతుంది. ఆమ్లాలకు, క్షారతకు మధ్య నిష్పత్తి రోజూ చూడండి. 0.3 లోపు ఉంటే నిశ్చింత, 0.4 దాటి ఎక్కుతుంటే ఆ పూటే ఫీడ్ సగం చేయండి. మర్నాటి మీటింగ్ దాకా ఆగొద్దు. కలపడం మాత్రం ఆపకండి, బుడగలు లేస్తుండాలి. వీలుంటే స్క్రబ్బర్‌లో శుభ్రమైన గ్యాస్‌ను తిరిగి ట్యాంకు అడుగున వదలండి, సల్ఫైడ్‌ను అది పైకి లాక్కొస్తుంది. పీహెచ్ నిలబెట్టడానికి సోడా బైకార్బొనేట్ వాడొచ్చు. సున్నం చవక అని బస్తాలు కుమ్మరిస్తే కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుని పైపుల్లో పెచ్చు కడుతుంది.

పేడ గ్యాస్ ప్లాంట్ల వాళ్ళు ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తారు కదా, మేమూ వేయొచ్చా అని అడుగుతారు. ఇనుము సల్ఫైడ్‌ను పట్టేస్తుంది, అబద్ధం లేదు. కానీ మన ఘనపు మీటర్లో గంధకం 1.67 కిలోలు. దాన్నంతా పట్టాలంటే రెండు నుంచి మూడు కిలోల ఇనుము కావాలి. రోజుకు 300 ఘనపు మీటర్ల ప్లాంటుకు ఎన్ని వందల కిలోలో మీరే వేసుకోండి. కొద్దిగా గాలి పంపించే పద్ధతి కూడా తక్కువ సల్ఫైడ్ ఉన్నచోటే నయం. మన దగ్గర లెక్క ప్రకారమే గ్యాస్‌లో 6 శాతానికి పైగా గాలి కావాలి. నైట్రోజన్ కలిసి గ్యాస్ పలచబడుతుంది, కంట్రోల్ తప్పితే ప్రమాదం. ఇంజిన్ ముందు విడి స్క్రబ్బర్ తప్పదు. కానీ గుర్తుంచుకోండి, ఆ స్క్రబ్బర్ ఇంజిన్‌ను కాపాడుతుంది, డైజెస్టర్‌ను కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, దీనికోసమే ఈ అంశం ఎంచుకున్నాను. ఈ సల్ఫేట్ ఎక్కడి నుంచి వస్తోంది? కొంత మొలాసిస్‌తోనే వస్తుంది. మన చక్కెర మిల్లుల్లో ఎక్కువ భాగం రసాన్ని గంధకపు పొగతో శుద్ధి చేస్తాయి. అది మన చేతిలో లేదు. మిగతాది మన ఫెర్మెంటేషన్ సెక్షన్లో, మన చేత్తో పోస్తున్న సల్ఫ్యూరిక్ ఆసిడ్! కిలో ఆసిడ్ అంటే దాదాపు కిలో సల్ఫేట్. కిలో ఆసిడ్‌కు 0.22 ఘనపు మీటర్ల మీథేన్ పోతుంది, 340 గ్రాముల హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. ఘనపు మీటరుకు రెండు కిలోలు ఎక్కువ పడితే, 400 ఉన్న కరిగిన సల్ఫైడ్ 560కి చేరుకుంటుంది.

ఆసిడ్ మానేయమని నేను అనడం లేదు. ఫెర్మెంటర్లో వేరే బాక్టీరియా చేరితే ఆల్కహాల్ పోతుంది, ఆ భయం న్యాయమైనదే. మాష్ పీహెచ్ నాలుగున్నర, ఐదు మధ్యకు రావడానికి ఎంత కావాలో అంత పోయండి. మీటర్ చూసి పోయండి. డ్రమ్ము వంచి "మొన్న ఇంతే పోశాం" అని పోస్తే ఎలా? మొలాసిస్ ప్రతి లాటూ ఒకేలా ఉండదు. అక్కడ షిఫ్ట్ వాళ్ళను ఆల్కహాల్ దిగుబడి గురించే అడుగుతారు, సల్ఫేట్ గురించి ఎవరూ అడగరు. ఇక్కడ గ్యాస్ పడిపోగానే డైజెస్టర్ ఆపరేటర్‌కు మెమో వస్తుంది. అయ్యా, మేనేజర్లూ ఇక్కడే ఉన్నారు, మీకే చెబుతున్నా: రెండు సెక్షన్ల లాగ్ షీట్లు ఎప్పుడైనా పక్కపక్కన పెట్టి చూశారా?

చూడకపోతే ఒక పని చేయండి. డైజెస్టర్ లాగ్ షీటులో రెండు గళ్ళు కొత్తగా గీయండి. ఒకదాంట్లో ఫెర్మెంటేషన్ వాళ్ళు రోజుకు వాడిన ఆసిడ్ కిలోలు, రెండోదాంట్లో వచ్చే స్పెంట్ వాష్‌లో సల్ఫేట్. సల్ఫేట్ పరీక్ష బేరియం క్లోరైడ్‌తో చేసేదే, మీ ల్యాబ్‌లో ఉన్నదే. స్పెంట్ వాష్ రంగు అడ్డొస్తుంది కాబట్టి బాగా పలచన చేసి, రంగుకు బ్లాంక్ పెట్టుకోండి. వారానికి మూడు సార్లు చేసినా చాలు. ఆసిడ్ పెరిగిన రోజు నుంచి డైజెస్టర్లో ఆ సల్ఫేట్ కలిసి గ్యాస్ మీద తేలేదాకా ఆలస్యం ఉంటుంది, ట్యాంకు నిలవ కాలాన్ని బట్టి రోజులో వారాలో పడుతుంది. అదే రోజు గ్యాస్ లెక్కతో పోల్చి "సంబంధం లేదు" అని కొట్టేయకండి. రేపు ప్రాక్టికల్ క్లాసుకు వచ్చేటప్పుడు గత మూడు నెలల ఆసిడ్ ఇండెంట్లు తెచ్చుకోండి, గ్యాస్ మీటర్ రీడింగులతో కలిపి అక్కడే గీసి చూద్దాం.