యాంటీబయాటిక్ తర్వాత మోషన్స్: శానిటైజర్‌కి చావని సీ డిఫ్

అందరికీ నమస్కారం. ఇవాళ ఒక్క బ్యాక్టీరియా గురించే మాట్లాడతాను, పేరు క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్, హాస్పిటల్లో మేం సీ డిఫ్ అనేస్తాం.

ఒక పేషెంట్‌ని ఊహించుకోండి. 68 ఏళ్ళ పెద్దావిడ, నిమోనియా వచ్చి హాస్పిటల్లో వారం రోజులు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు చేయించుకుని ఇంటికొచ్చారు. దగ్గు తగ్గింది, అన్నం తింటున్నారు, అంతా బాగుందనుకుంటుండగా నాలుగైదు రోజులకి మోషన్స్ మొదలయ్యాయి, రోజుకి ఎనిమిది తొమ్మిదిసార్లు, నీళ్ళలాగా, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, కొంచెం జ్వరం కూడా. బయట తిన్నదేం లేదు. కోడలు పాపం ఆవిడ్ని బాత్రూంకి తీసుకెళ్ళిన ప్రతిసారీ చేతులకి శానిటైజర్ రాసుకుంటోంది.

ముందు పేగులో ఏం జరిగిందో చూద్దాం. లివర్ నుంచి వచ్చే పిత్తరసంలో బైల్ యాసిడ్స్ ఉంటాయి. పెద్దపేగులో ఉండే మంచి బ్యాక్టీరియాల్లో కొన్ని వాటిని ఇంకో రకం యాసిడ్స్‌గా మార్చేస్తాయి, ఆ మారిన రకం ఉన్నచోట సీ డిఫ్ పెరగలేదు. యాంటీబయాటిక్ నిమోనియా క్రిముల్ని చంపుతూ ఈ మంచి వాటినీ చంపేసింది. ఇప్పుడు మారని బైల్ యాసిడ్స్ మిగిలిపోయాయి, సీ డిఫ్ స్పోర్‌ని, అంటే గింజలా నిద్రపోతున్న దాని రూపాన్ని, నిద్రలేపేది సరిగ్గా అవే. లేచిన బ్యాక్టీరియా పెరిగి రెండు టాక్సిన్లు వదుల్తుంది, అవి పేగు లోపలి పొర కణాల్ని దెబ్బతీస్తాయి, వాపు వస్తుంది, ఎక్కువైతే పొర మీద పసుపుపచ్చ పొక్కుల్లాంటివి అతుక్కుని కనిపిస్తాయి. క్లిండమైసిన్, సెఫలోస్పోరిన్లు, సిప్రోఫ్లోక్సాసిన్ లాంటి మందులతో ఈ రిస్క్ ఎక్కువ, మందు ఆపేసిన కొన్ని వారాల దాకా కూడా ఉంటుంది.

ఇప్పుడు శానిటైజర్ సంగతి. ఆల్కహాల్ క్రిమిని ఎలా చంపుతుందంటే పైపొరలోని కొవ్వుని కరిగించి లోపలి ప్రొటీన్లని పాడుచేస్తుంది, ఆ పని జరగాలంటే నీళ్ళు కూడా కావాలి, అందుకే శానిటైజర్లో ఆల్కహాల్‌తో పాటు నీళ్ళూ ఉంటాయి. కానీ సీ డిఫ్‌కి గాలి తగిలితే బతకలేదు కాబట్టి శరీరం బయటికి స్పోర్ రూపంలో వస్తుంది. ఎండిన గింజలాంటిది ఈ స్పోర్. బయట ప్రొటీన్లతో గట్టి కోటు, దాని కింద మందపాటి ఇంకో పొర, మధ్యలో దాదాపు నీళ్ళు లేకుండా కాల్షియం పట్టేసి ఎండిపోయిన కేంద్రం, డీఎన్ఏకి కూడా విడిగా రక్షణ ప్రొటీన్లు. ఆల్కహాల్ లోపలికి వెళ్ళి పాడుచేసే అవకాశమే లేదు. ఎంతగా అంటే ల్యాబ్‌లో మలం శాంపిల్ నుంచి సీ డిఫ్‌ని పెంచాలంటే మేమే దాంట్లో ఆల్కహాల్ కలుపుతాం, మిగతావి చాలావరకు చచ్చిపోతాయి, స్పోర్లు మిగుల్తాయి!

కాబట్టి ఆ కోడలు చెయ్యాల్సింది గ్లౌజులు వేసుకోవడం, తీసేశాక సబ్బుతో పారే నీళ్ళ కింద బాగా రుద్ది కడుక్కోవడం. సబ్బు కూడా స్పోర్‌ని చంపదండీ, చేతి మీంచి ఊడదీసి నీళ్ళతో పంపేస్తుంది, అంతే. కమోడ్, కుళాయి, తలుపు గడియ మాత్రం బ్లీచ్‌తో తుడవాలి, ఇంట్లో వాడే బ్లీచ్ లిక్విడ్ ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచాలి. దాంతో పాటు యాసిడ్ టాయిలెట్ క్లీనర్ పొయ్యకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ప్రమాదం.

ట్రీట్‌మెంట్‌కొస్తే, 24 గంటల్లో మూడు అంతకన్నా ఎక్కువ లూజ్ మోషన్స్ ఉంటేనే మలం టెస్ట్ చేస్తాం. మోషన్స్ కట్టేసే లోపెరమైడ్ లాంటి మాత్రలు సొంతంగా వెయ్యకండి. పాత యాంటీబయాటిక్ ఇంకా నడుస్తుంటే, వీలైతే డాక్టర్ ఆపేస్తారు. తర్వాత వాంకోమైసిన్ 125 మిల్లీగ్రాములు రోజుకి నాలుగుసార్లు పది రోజులు, అదీ నోటితోనే, ఎందుకంటే నరానికి ఎక్కిస్తే ఆ మందు పెద్దపేగులోకి దాదాపు రాదు, మింగితే మాత్రం రక్తంలోకి వెళ్ళకుండా పేగులోనే ఉండిపోతుంది. క్యాప్సూల్ దొరకనప్పుడు ఇంజెక్షన్ వయల్‌నే నీళ్ళలో కలిపి తాగిస్తాం, చూసి కంగారుపడకండి. ఫిడాక్సోమైసిన్ అని ఇంకోటుంది, మంచి బ్యాక్టీరియాని తక్కువ చంపుతుంది కాబట్టి జబ్బు తిరగబెట్టడం తగ్గుతుంది, 2021 అమెరికా గైడ్‌లైన్స్‌లో మొదటి ఛాయిస్ అదే, కానీ ఖరీదు బాగా ఎక్కువ. మోషన్స్ ఉన్నట్టుండి ఆగిపోయి పొట్ట ఉబ్బి బీపీ పడిపోతుంటే మాత్రం తగ్గిందనుకోవద్దు, అది ఎమర్జెన్సీ, ఆపరేషన్ దాకా వెళ్ళొచ్చు.

తిరగబెట్టడం ఎందుకంటే మళ్ళీ స్పోరే కారణం. వాంకోమైసిన్ పెరుగుతున్న బ్యాక్టీరియాని ఆపుతుంది గానీ నిద్రపోతున్న స్పోర్‌ని ఏమీ చెయ్యదు, కోర్సు అయ్యాక దాదాపు ఐదుగురిలో ఒకరికి మళ్ళీ వస్తుంది. అలా పదే పదే వచ్చేవాళ్ళకి, బాగా పరీక్షించిన ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియాని పేగులోకి ఎక్కిస్తారు. వినడానికి అదోలా ఉంటుంది, నిజమే. కానీ 2013లో నెదర్లాండ్స్ వాళ్ళ ట్రయల్లో ఇలా చేసిన 16 మందిలో 13 మందికి ఒక్కసారికే తగ్గింది, వాంకోమైసిన్ ఒక్కటే ఇచ్చిన 13 మందిలో నలుగురికే తగ్గింది. మంచి బ్యాక్టీరియా తిరిగొస్తే బైల్ యాసిడ్స్ మళ్ళీ మారతాయి, స్పోర్లు లేచినా పెరగలేవు.

చివరిగా, మోషన్స్ తగ్గాక క్రిమి పోయిందా అని మళ్ళీ టెస్ట్ చేయించకండి. బాగైనవాళ్ళలో కూడా అది వారాలపాటు పాజిటివ్ రావొచ్చు, దానికి మందులు అక్కర్లేదు. మోషన్స్ మళ్ళీ మొదలైతేనే రండి.