సున్నాలు, ఒకట్లు, రెండ్లు: ఒక్క నడకలో మూడు గుంపులు

(గుంటూరులో ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం ఒకే ఒక చిన్న ప్రోగ్రాం గురించి మాట్లాడతాను. పన్నెండు లైన్లకు మించదు. ఇంటర్వ్యూలకు తయారవుతున్న మీలో చాలామందికి ఇది కంఠతా వచ్చే ఉంటుంది. బోర్డు మీద గబగబా రాసేస్తారు కూడా. రాశాక అవతలి వ్యక్తి ఒక లైను మీద వేలు పెట్టి "ఇక్కడ `mid` ఎందుకు కదల్లేదు?" అని అడిగితేనే టెన్షన్ మొదలవుతుంది. మన మాటలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

ఊళ్లో ఉన్న ఉదాహరణే తీసుకుందాం. మిర్చి యార్డుకు వచ్చిన లాట్ల పట్టిక ఒకటి కంప్యూటర్లో ఉందనుకోండి. ప్రతి వరుసలో లాట్ నంబరు, రైతు పేరు, ఎన్ని టిక్కీలు, ఏ సరుకు అన్న వివరాలుంటాయి. తేజ అయితే 0, బాడిగ అయితే 1, తాలు అయితే 2 అని కోడ్ వేశాం. వచ్చిన లాట్లు కలగాపులగంగా ఉన్నాయి. ముందు తేజ లాట్లన్నీ, తర్వాత బాడిగ, చివర తాలు రావాలి. వేరే పట్టిక తయారు చేయకూడదు. ఉన్నచోటే సర్దాలి. ప్రతి లాట్ కోడ్‌నూ ఒక్కసారే చూడాలి.

"సార్, లెక్కపెడితే పోలేదా?" అని మీలో ఎవరో ఒకరు అడుగుతారు. సబబైన ప్రశ్నే. పట్టికలో ఉత్త అంకెలే ఉంటే సున్నాలు ఎన్ని, ఒకట్లు ఎన్ని, రెండ్లు ఎన్ని అని ఒకసారి లెక్కపెట్టి, రెండోసారి పై నుంచి ఆ లెక్క ప్రకారం రాసుకుంటూ పోవచ్చు. అంకెలే ఉన్నప్పుడు నేనూ అదే చేస్తాను, అందులో నామోషీ ఏమీ లేదు. కానీ ఇక్కడ ప్రతి అంకె వెనకాల ఒక రైతు ఉన్నాడు. తేజ లాట్లు మూడు అని తెలిసినంత మాత్రాన ఆ మూడూ ఎవరివో తెలియదు. 0 అని కొత్తగా రాస్తే సరిపోదు, మొత్తం వరుసనే జరపాలి. అందుకే స్థానాలు మార్చుకునే పద్ధతి కావాలి.

ఈ సమస్యను ప్రపంచానికి పరిచయం చేసింది నెదర్లాండ్స్ శాస్త్రవేత్త ఎడ్స్‌ఖర్ డైక్‌స్ట్రా. 1976లో వచ్చిన తన పుస్తకంలో దీనికి ఒక అధ్యాయం కేటాయించాడు. వాళ్ల దేశ జెండాలో ఎరుపు, తెలుపు, నీలం వరుసగా ఉంటాయి కదా, ఆ మూడు రంగుల గులకరాళ్లను బకెట్లలో పెట్టి సర్దమన్నాడు. డచ్ జాతీయ జెండా సమస్య అన్న పేరు అలా వచ్చింది. ఆయన చెప్పిన పద్ధతికీ మనం ఈరోజు రాసే రూపానికీ చిన్న తేడాలున్నాయి, ఆలోచన మాత్రం ఒకటే.

ఆ ఆలోచన ఏమిటంటే, పని మధ్యలో ఏ క్షణాన ఆపి చూసినా పట్టిక నాలుగు ముక్కలుగా ఉండాలి. ఎడమ చివర అన్నీ సున్నాలు. వాటి పక్కన అన్నీ ఒకట్లు. తర్వాత ఇంకా మనం చూడనివి. కుడి చివర అన్నీ రెండ్లు. మొదట్లో చూడనివే పట్టికంతా, మిగతా మూడు ముక్కలూ ఖాళీ. ప్రతి అడుగులోనూ చూడని ముక్క సరిగ్గా ఒకటి తగ్గాలి. అది ఖాళీ అయ్యేసరికి పని అయిపోయినట్టే.

ఈ నాలుగు ముక్కల మధ్య మూడు సరిహద్దులున్నాయి కాబట్టి మూడు గుర్తులు కావాలి. `low` ఒకట్లు మొదలయ్యే చోటు. `mid` చూడని వాటిలో మొదటిది. `high` చూడని వాటిలో చివరిది. ఈ అర్థాలను గుర్తు పెట్టుకుంటే కోడ్‌ను గుర్తు పెట్టుకోనక్కర్లేదు.

చూడని ముక్కను మధ్యలోనే ఎందుకు పెట్టాలి, కుడి చివర పెడితే ఏం పోయింది? పెట్టవచ్చు. అప్పుడు సున్నాలు, ఒకట్లు, రెండ్లు, ఆ తర్వాత చూడనివి అన్న వరుస వస్తుంది. కొత్తగా ఒక సున్నా తగిలిందనుకోండి. దానికి చోటివ్వాలంటే ఒకట్లలో మొదటిది జరగాలి, దానికి చోటివ్వాలంటే రెండ్లలో మొదటిది జరగాలి. ఒక్క సున్నా కోసం రెండు మార్పిడులు. చూడని వాటిని మధ్యలో ఉంచితే ఏది తగిలినా ఒక్క మార్పిడితో పోతుంది.

ఇక కోడ్. సులువు కోసం `a` లో సరుకు అంకెలే ఉన్నాయనుకుందాం.

```python
def sort012(a):
    low, mid, high = 0, 0, len(a) - 1
    while mid <= high:
        if a[mid] == 0:
            a[low], a[mid] = a[mid], a[low]
            low += 1
            mid += 1
        elif a[mid] == 1:
            mid += 1
        else:
            a[mid], a[high] = a[high], a[mid]
            high -= 1
```

ఇప్పుడు ఆ ప్రశ్న. సున్నా తగిలితే మార్పిడి చేసి `mid` ని ముందుకు జరిపాం. రెండు తగిలితే మార్పిడి చేశాం గానీ `mid` ని జరపలేదు. ఎందుకీ తేడా? మార్పిడి తర్వాత `mid` చోటికి ఎవరొచ్చారో చూడండి. సున్నా విషయంలో వచ్చేది `low` దగ్గర ఉన్నది. `low` ఒకట్ల ముక్కకు మొదలు కాబట్టి వచ్చింది కచ్చితంగా ఒకటే. దాన్ని ముందే చూశాం. ఒకట్ల ముక్క ఖాళీగా ఉంటే `low`, `mid` ఒకేచోట ఉంటాయి, సున్నా తనతో తానే మార్చుకుంటుంది, నష్టం లేదు. రెండు విషయంలో వచ్చేది `high` దగ్గర ఉన్నది. అది చూడని ముక్కలోది. అది ఏమిటో మనకు తెలియదు. తెలియనిదాన్ని చూడకుండా దాటేస్తే, చూసినవాటిలో చూడనిది కలిసిపోతుంది.

ఒకసారి చేత్తో నడిపిద్దాం. పట్టిక 1 2 0 2 1 0. మొదట `low`, `mid` రెండూ 0 దగ్గర, `high` 5 దగ్గర.

మొదటిది 1, కాబట్టి `mid` 1కి జరిగింది. అక్కడ 2 ఉంది. చివరి 0తో మార్చాం, పట్టిక 1 0 0 2 1 2 అయింది, `high` 4కు తగ్గింది. `mid` అక్కడే ఉంది, చూస్తే 0. దాన్ని `low` దగ్గరున్న 1తో మారిస్తే 0 1 0 2 1 2. `low` 1, `mid` 2. మళ్లీ 0 తగిలింది, మారిస్తే 0 0 1 2 1 2. `low` 2, `mid` 3. అక్కడ 2 ఉంది, `high` దగ్గరున్న 1తో మారిస్తే 0 0 1 1 2 2, `high` 3. `mid` కూడా 3 దగ్గరే ఉంది, ఇంకా చూడనిది ఆ ఒక్కటే. అది 1, `mid` 4 అయింది, `high`ని దాటింది, ఆగాం. ఆరు అంశాలకు ఆరు అడుగులు. మార్పిడులు నాలుగు, అంటే సున్నాలు రెండు, రెండ్లు రెండు. ఎప్పుడైనా అంతే. తనతో తాను మార్చుకున్నవి కూడా కలిపితే, మార్పిడుల సంఖ్య సున్నాల, రెండ్ల మొత్తానికి సరిగ్గా సమానం.

ఇప్పుడు కావాలనే తప్పు చేద్దాం. చివరి భాగంలో `high` తగ్గించాక `mid += 1` అని కూడా రాసి, ఇదే పట్టికను నడపండి. 1 0 0 2 1 2 అయ్యాక `mid` 2కు వెళ్లిపోతుంది, పక్కనున్న సున్నాను చూడకుండా దాటేస్తుంది. తర్వాత తగిలిన సున్నాను `low` దగ్గరి 1తో మారిస్తే 0 0 1 2 1 2 వస్తుంది. ఆపైన 2, 1 మారతాయి. చివరికి ఏం వచ్చింది? 0 0 1 1 2 2. సరైన జవాబే! తప్పు కోడ్ మన ఉదాహరణ మీద దర్జాగా పాసైపోయింది.

ఇది నేను ఏరికోరి తెచ్చిన వింతేమీ కాదు. మూడు అంశాల పట్టికలు మొత్తం 27 ఉంటాయి. ఈ తప్పు కోడ్ వాటిలో 25ని సరిగ్గా సర్దుతుంది. పట్టుబడేది రెంటి దగ్గరే: 1 2 0, 2 1 2. మొదటిదాంట్లో 2ను 0తో మార్చి 1 0 2 చేస్తుంది, ఆ 0ను దాటేసి ఆగిపోతుంది. రెండోదాంట్లో 2ను 2తోనే మారుస్తుంది, అయినా దాటేస్తుంది కాబట్టి ముందున్న 2 అక్కడే మిగిలిపోతుంది. ఇక రెండేసి అంశాల పట్టికలు తొమ్మిదీ పాసే. ఏవో నాలుగు పట్టికలు రాసి "వచ్చేసింది సార్" అనే అలవాటు ఇక్కడ నిలువునా ముంచుతుంది.

మరో తప్పు `while mid < high` అని రాయడం. `high` కూడా చూడని ముక్కలోదే కాబట్టి రెండూ కలిసినచోట ఇంకా ఒకటి చూడాల్సి ఉంటుంది. 1 0 అన్న పట్టిక ఇస్తే వెంటనే బయటపడుతుంది. `mid` 1కి చేరగానే లూప్ ఆగుతుంది, సున్నా కుడివైపే ఉండిపోతుంది.

కాబట్టి పరీక్షించేటప్పుడు ఏరుకోవద్దు, అన్నీ ఇవ్వండి. విలువలు మూడే కదా. ఖాళీ పట్టికతో మొదలుపెట్టి ఆరు అంశాల వరకు రాగల పట్టికలన్నీ కలిపితే 1093. కంప్యూటర్‌కు అది కన్నుమూసి తెరిచేంత పని. ప్రతిదాన్నీ మామూలు `sorted` ఇచ్చే జవాబుతో పోల్చండి.

ఈ పద్ధతి అసలు పనికొచ్చేది క్విక్‌సార్ట్‌లో. అక్కడ 0 అంటే పివట్ కంటే చిన్నవి, 1 అంటే పివట్‌కు సమానమైనవి, 2 అంటే పెద్దవి. మధ్య గుంపు ఇక కదలనక్కర్లేదు. లక్ష లాట్లను సరుకు పేరుతో సార్ట్ చేస్తున్నారు, అన్నీ తేజే అనుకోండి. పివట్‌కు సమానమైనవన్నీ ఒకే పక్కకు తోసే రెండు ముక్కల పద్ధతి, విడతకు ఒక్క లాట్‌నే పక్కన పెడుతుంది. పోలికలు దాదాపు 500 కోట్లు అవుతాయి. మూడు ముక్కలు చేస్తే ఒక్క నడకలో అన్నీ మధ్య గుంపులో పడతాయి, పని ముగుస్తుంది.

దీనికి ఒక పరిమితి ఉంది, యార్డు పట్టికలో అది గట్టిగానే తగులుతుంది. ఒకే సరుకు లాట్ల మధ్య వచ్చిన వరుస నిలవదు. రామయ్య బాడిగ, సుబ్బయ్య బాడిగ, ఆ తర్వాత ఒక తేజ వచ్చిందనుకోండి. తేజ తగిలినప్పుడు `low` దగ్గరున్న రామయ్య లాట్ దాని చోటికి వెళ్లిపోతుంది. ఇప్పుడు సుబ్బయ్య ముందు, రామయ్య వెనక. ముందొచ్చిన వాళ్ల సరుకే ముందు వేలం వేయాలంటే ఇది కుదరదు. అప్పుడు ఉన్నచోటే సర్దాలన్న పట్టు వదిలేయండి. మూడు ఖాళీ పట్టికలు పెట్టుకుని, వచ్చిన వరుసలో ఒక్కో లాట్‌నూ దాని పట్టికలో వేసి, చివర మూడింటినీ కలపండి. మెమరీ మరో పట్టికంత ఎక్కువ పడుతుంది, రామయ్య మాత్రం ముందే ఉంటాడు.

ఇక ప్రశ్నలుంటే అడగండి. బోర్డు ఇంకా ఖాళీగానే ఉంది.