గీత మీద కూర్చున్న చుక్కలు
(అనంతపురంలో డిగ్రీ కెమిస్ట్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపక మిత్రులకు నమస్కారం. పిల్లలూ, ఈరోజు మీకు రెండు రికార్డు పుస్తకాల సంగతి చెప్తాను. ఇది నేను పనిచేసిన ఒక కాలేజీలో మే నెలలో జరిగింది. అప్పుడు ల్యాబులో 38 డిగ్రీలు, పైగా కరెంటు లేదు.

ప్రయోగం మీకు తెలిసిందే. పెర్‌సల్ఫేట్, అయొడైడ్ ద్రావణాలను కలుపుతాం. అందులో కొలిచి పోసిన కొద్దిపాటి థయోసల్ఫేట్, కాస్త స్టార్చ్ ఉంటాయి. పుట్టిన అయొడిన్‌ను థయోసల్ఫేట్ ఎప్పటికప్పుడు తినేస్తుంది. అది అయిపోయిన క్షణాన ద్రావణం ఒక్కసారిగా నీలం అవుతుంది. ఆ సమయం t ఎంత తక్కువైతే చర్య అంత వేగం. గాఢతలు మార్చకుండా ఉష్ణోగ్రత ఒక్కటే మారుస్తాం కాబట్టి ln k బదులు ln(1/t) తీసుకున్నా గీత వాలు మారదు. అడ్డంగా 1/T, నిలువుగా ln(1/t) పెట్టి గీత గీస్తే వాలు −Ea/R. దాన్నుంచి యాక్టివేషన్ ఎనర్జీ వస్తుంది. ఈ చర్యకు అది మోల్‌కు 53 కిలోజౌళ్ల దగ్గర ఉంటుంది.

మొదటి బ్యాచ్ గ్రాఫు చూస్తే ముచ్చటేసింది. 20, 30, 40, 50 డిగ్రీల దగ్గర నాలుగు చుక్కలూ స్కేలు పెట్టి పెట్టినట్టు గీత మీదే ఉన్నాయి. సమయాలు 179, 95, 52, 29 సెకన్లు. రెండో బ్యాచ్ చుక్కలు మాత్రం ఒకటి పైకి, ఒకటి కిందికి చెదిరి ఉన్నాయి. ఎవరికి ఎక్కువ మార్కులు వేయాలో ఆలోచించే పనే లేదనిపించింది. తీరా లెక్క చేస్తే మొదటి బ్యాచ్‌కు 47.7 వచ్చింది, రెండో బ్యాచ్‌కు 54.

చెదిరిన చుక్కలను ముందు చూద్దాం. 30 డిగ్రీల దగ్గర ఈ చర్య వేగం ఒక్క డిగ్రీకి సుమారు 7 శాతం మారుతుంది. అంటే ఒక చుక్క గీతకు 0.07 దూరంలో ఉంటే, థర్మామీటరు ఒక డిగ్రీ తప్పు చదివినా సరిపోతుంది. అందుకే చుక్క ఎంత దూరం పోయిందో చూడగానే దాన్ని డిగ్రీల్లోకి మార్చి ఆలోచించండి. 0.05 అంటే ముప్పావు డిగ్రీ కంటే తక్కువే. మామూలు థర్మామీటరుతో, చేత్తో నీళ్లు కలుపుతూ చేసే ప్రయోగంలో అంత తేడా రావడం సహజం. అదే 0.3 దూరం పోతే నాలుగు డిగ్రీల తప్పు కావాలి, అది నమ్మశక్యం కాదు. అప్పుడు థయోసల్ఫేట్ పోయడంలోనో స్టాప్‌వాచ్‌లోనో తప్పు వెతకాలి. స్టాప్‌వాచ్ అర సెకను ఆలస్యంగా నొక్కితే 27 సెకన్ల రీడింగులో అది 2 శాతం, 205 సెకన్ల రీడింగులో పావు శాతం. అందుకే వేడి వైపు చుక్కలు కాస్త ఎక్కువ చెదురుతాయి. రెండో బ్యాచ్ చుక్కలు 0.05 మేర చెదిరాయి. దాన్నిబట్టి 30 డిగ్రీల వ్యవధిలో నాలుగు చుక్కలకు వాలులో వచ్చే అనిశ్చితి సుమారు 2 కిలోజౌళ్లు. వాళ్ల జవాబు 54, 2 అటూ ఇటూ. అసలు విలువ ఆ పరిధిలోనే ఉంది.

మరి మొదటి బ్యాచ్? వాళ్ల చుక్కల చెదురు చూస్తే అనిశ్చితి అర కిలోజౌల్ కూడా లేదు. తప్పు మాత్రం ఐదుకు పైనే. వాళ్లు థర్మామీటరు నీళ్ల తొట్టిలో ఉంచారు, ఫ్లాస్కులో కాదు. ఐసు వేసి తొట్టిని 20కి తెచ్చారు. కానీ కలపడానికి ఫ్లాస్కును బయటికి తీసి, బల్ల మీదే పెట్టి చూశారు. 38 డిగ్రీల గదిలో చల్లటి ద్రావణం వేడెక్కుతుంది, 50 డిగ్రీలది చల్లారుతుంది. ఎండాకాలం గ్లాసులో పోసిన ఫ్రిజ్ నీళ్లు, ఆరబెట్టిన టీ చేసే పనే ఇదీ. గదికీ తొట్టికీ ఉన్న తేడాలో పదో వంతు జారిందనుకోండి. 20 అని రాసింది నిజంగా 21.8, 50 అని రాసింది 48.8. రాసుకున్న వ్యవధి 30 డిగ్రీలు, చర్య చూసింది 27. అన్ని చుక్కలూ ఒకే పద్ధతిలో జరిగాయి కాబట్టి గీత వంగలేదు, వాలు మాత్రం పదో వంతు తగ్గింది.

చెదురు చెప్పేది రీడింగుకూ రీడింగుకూ మధ్య ఉన్న నిలకడ గురించే. అన్ని రీడింగులనూ ఒకే తీరున పక్కకు లాగే తప్పు గురించి అది ఒక్క మాట కూడా చెప్పదు. R² 0.999 వచ్చినా అంతే.

ఇలాంటి తప్పును గ్రాఫులో వెతికితే దొరకదు, ఇంకో కొలత కావాలి. థర్మామీటరు ఫ్లాస్కులో పెట్టి, కలిపిన వెంటనే ఒకసారి, నీలం వచ్చాక ఒకసారి చదవండి. రెండూ ఒకటి కాకపోతే సగటు రాసుకోండి. ఇంకొకటి, చల్లటి నుంచి వేడి వైపుకు వరుసగా చేయకండి. అయొడైడ్ ద్రావణం గాలికి నెమ్మదిగా పాడవుతుంది. వరుసగా చేస్తే ఆ మార్పు కూడా ఉష్ణోగ్రతతో పాటే కదిలి వాలులో కలిసిపోతుంది. 40, 20, 50, 30 అని కలగాపులగంగా చేస్తే అదే మార్పు చెదురుగా బయటపడుతుంది. అప్పుడు చుక్కలు అందంగా కనబడవు, మీ రికార్డులో వాటిని అలాగే ఉంచండి.

మొదటి బ్యాచ్ పిల్లలు మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చారు. ఫ్లాస్కును తొట్టిలోనే ఉంచి చేశారు. 20 డిగ్రీల దగ్గర నీలం రావడానికి 204 సెకన్లు పట్టింది.