తెల్లారుజామున ఐదుకే పరీక్షించాలి

అందరికీ నమస్కారం. కర్నూలులో మా కాలనీలో ఒక్కో వీధికి దినం విడిచి దినం నీళ్లు వస్తాయి, ఏ వీధికి ఎప్పుడో షీట్‌లో రాసి పెడితే ప్రతి తెల్లారుజాము ఐదింటికి ఆ రోజు వరుస తీసుకుని టెలిగ్రామ్ ఛానెల్‌లో పోస్ట్ చేసే చిన్న ప్రోగ్రామ్ నేను రాశాను. అది చూసే జనం బిందెలు బయటపెడతారు కాబట్టి, ముందు మా ముగ్గురికే కనబడే ఒక ప్రైవేట్ డ్రాఫ్ట్ ఛానెల్ పెట్టి, అసలుదానికి బదులు దాని `chat_id` ఇచ్చాను.

నాలుగు రోజులు మధ్యాహ్నాలు నడిపి చూశా, అంతా సరిగ్గానే వచ్చింది. ఐదో రోజు టైమర్ పెట్టి వదిలేస్తే తెల్లారి డ్రాఫ్ట్ ఛానెల్‌లో నిన్నటి వీధి పేరు ఉంది. షీట్ సరిగ్గానే ఉంది, ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం మారలేదు, మరి ఎక్కడ పోయింది? సర్వర్ గడియారం యూటీసీలో ఉంది. మనకు ఉదయం ఐదంటే దానికి ముందు రోజు రాత్రి 11:30, అంటే దాని దృష్టిలో ఇంకా నిన్ననే. అర్ధరాత్రి నుంచి ఐదున్నర దాకా మాత్రమే ఈ తప్పు బయటపడుతుంది, మధ్యాహ్నం ఎన్నిసార్లు నడిపినా దొరకదు. తేదీ తీసుకునే చోట ఇలా మార్చాను:

```
datetime.now(ZoneInfo("Asia/Kolkata")).date()
```

అందుకే చెబుతున్నా, డ్రాఫ్ట్‌లో నడిపేది కూడా అసలు టైముకే నడపండి.

ఇంకోటి, రెండోసారి నడపడం. పోస్ట్ వెళ్లాక షీట్‌లో "పంపాం" అని రాస్తుంది కదా, ఆ రెండింటి మధ్య నెట్ పోతే? పోస్ట్ వెళ్లింది, గుర్తు పడలేదు, మళ్లీ నడిస్తే అదే పోస్ట్ రెండోసారి వెళ్తుంది. నేను కావాలనే పంపే లైను తర్వాత ప్రోగ్రామ్‌ను ఆపేసి, మళ్లీ నడిపి చూశాను, డ్రాఫ్ట్‌లో రెండు పోస్టులు పడ్డాయి. ఇప్పుడు పంపే ముందే "పంపుతున్నాం" అని రాస్తాం, పంపాక "పంపాం" అని మారుస్తాం. మళ్లీ నడిచినప్పుడు ఆ మొదటి మాటే ఇంకా కనబడితే పంపకుండా ఆగి నాకు మెసేజ్ పెడుతుంది, నేను ఛానెల్ తెరిచి చూసుకుంటా. అంటే ఒక్కోసారి పోస్ట్ ఆలస్యం కావచ్చు, అది మాకు ఫర్వాలేదు.

అసలు ఛానెల్‌కి మారేటప్పుడు `chat_id` ఒక్కటే మార్చండి, ఇంకేమీ ముట్టుకోవద్దు. డ్రాఫ్ట్ చెప్పలేనిది ఒకటుంది: అసలు ఛానెల్‌లో మీ బాట్‌కి పోస్ట్ చేసే హక్కున్న అడ్మిన్ హోదా ఉందా లేదా. లేకపోతే డ్రాఫ్ట్‌లో బాగా నడిచినదే ఇక్కడ ఆగిపోతుంది. అది ముందు రోజు సాయంత్రమే చూసుకున్నా, అయినా మొదటి రోజు నాలుగున్నరకే లేచి ఫోన్ పట్టుకుని కూర్చున్నా. ఐదింటికి పోస్ట్ పడింది, వీధి పేరు సరిగ్గానే ఉంది.