కుర్చీ దిగితేనే మేనేజరు

అక్కలకు, చెల్లెళ్ళకు, అన్నలకు నమస్కారం. పర్లాకిమిడి నుంచి, రాయగడ నుంచి పొద్దున్నే బయలుదేరి వచ్చినవాళ్ళు కూడా ఇక్కడ ఉన్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. బరంపురంలో నాది ఐదు కుర్చీల లేడీస్ సెలూన్. పద్నాలుగేళ్ళుగా నడుపుతున్నాను. అందులో తొమ్మిదేళ్ళు నాతో పనిచేసిన అమ్మాయిని మేనేజరును చేశాను. మొదటిసారి చేసినప్పుడు మూడు నెలల్లో ఆ ఏర్పాటు చెడిపోయింది. ఎందుకు చెడిందో, తర్వాత ఏం మార్చానో చెప్తాను.

ఆ అమ్మాయి చేతిపని గురించి నాకు సందేహమే లేదు. కత్తెర పడితే తిరుగులేదు. తెలుగు, ఒడియా రెండూ తడుముకోకుండా మాట్లాడుతుంది. ఇచ్ఛాపురం నుంచి బస్సెక్కి ఆమె కోసమే వచ్చే ఆడవాళ్ళున్నారు. నేను తాళాలు చేతికిచ్చి, "చెల్లీ, ఇక నువ్వే చూసుకో" అన్నాను. జీతం పద్ధతి మాత్రం మార్చలేదు. తప్పు అక్కడే జరిగింది.

లెక్క చూడండి. ఆమెకు నెల జీతం 16,000. తను చేసిన పని మీద పదో వంతు కమీషన్. నెలకు 90,000 పని చేసేది, అంటే 9,000 కమీషన్, మొత్తం 25,000. మేనేజరు అయ్యాక సగం పూట రిజిస్టరు, ఫోను, సరుకు, మిగతావాళ్ళ పని చూడటానికే పోతుంది. కుర్చీ దగ్గర పని 50,000కు తగ్గితే కమీషన్ 5,000. బాధ్యత పెరిగింది, ఇంటికి తీసుకెళ్ళేది 4,000 తగ్గింది. ఇంట్లో పిల్లల ఫీజులున్న మనిషి ఏం చేస్తుంది? ఎవరి పేరూ అడగకుండా నేరుగా వచ్చిన మంచి కస్టమర్లను తన కుర్చీకే పిలుచుకుంది. హెయిర్ స్పా, కలరింగ్ లాంటి పెద్ద పనులు తనకు, ఐబ్రోలు చిన్నవాళ్ళకు. కావాలని చేసిన అన్యాయం కాదది. నేను పెట్టిన జీతం పద్ధతే ఆమెను అటు నెట్టింది.

నాకు తెలిసింది రిజిస్టరు వల్ల. మేనేజరు పని బాగా జరుగుతుంటే ఆమె సొంత పని తగ్గాలి, మిగతావాళ్ళది పెరగాలి. మూడు నెలల తర్వాత చూస్తే ఆమెది 86,000 దగ్గరే నిలబడింది. రెండేళ్ళ అనుభవం ఉన్న ఇంకో అమ్మాయిది మాత్రం 38,000 నుంచి 24,000కు పడిపోయింది. ఆ పిల్ల నాకు ఏమీ చెప్పలేదు. ఒకరోజు పని మానేస్తానని వచ్చి నిలబడింది. మీ దగ్గర ఎవరినైనా మేనేజరును చేస్తే, మొదటి ఆరు నెలలు ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని చూడండి.

తర్వాత ఇద్దరం కూర్చుని పద్ధతి మార్చాం. జీతం 16,000 అలాగే ఉంచి, మేనేజరు పనికి విడిగా 5,000 కలిపాను. సొంత పని మీద కమీషన్ ఉంటుంది గానీ, పేరు పెట్టి అడిగి వచ్చిన కస్టమర్లకు మాత్రమే. పేరు అడగకుండా నేరుగా వచ్చినవాళ్ళు వంతు ప్రకారం వెళ్తారు. ఎవరి వంతో గోడ మీద బోర్డులో ఉంటుంది, అందరికీ కనిపిస్తుంది. మూడోది, మిగతా ఐదుగురూ కలిసి చేసిన పని 2,10,000 దాటితే, దాటినదాని మీద నూటికి ఐదు ఆమెకు. ఒక నెల వాళ్ళు 2,46,000 చేశారు. దాటింది 36,000, ఆమె వాటా 1,800. అడిగి వచ్చినవాళ్ళ పని 45,000, దాని మీద 4,500. మొత్తం 27,300. కుర్చీ దిగినందుకు ఆమె నష్టపోలేదు. పక్క పిల్లకు రోలర్ చుట్టడం నేర్పితే తనకూ రెండు రూపాయలు వస్తాయని తెలిసింది. ఒక జాగ్రత్త: ఆ 2,10,000 గీత ఏడాదంతా ఒకటే పెట్టకండి. ముహూర్తాలున్న నెలను ముహూర్తాలున్న నెలతోనే పోల్చాలి. ఆషాఢంలో పెళ్ళి నెల గీత పెడితే ఆ మనిషి ఎంత కష్టపడినా సున్నాయే.

ఇక రెండో విషయం. మనల్ని పక్కకు జరగనివ్వనిది మన ఫోనే. ఒక పెళ్ళివారి అమ్మాయికి హైలైట్స్ వేశారు. ఆమె అంతకుముందు నెలల తరబడి జుట్టుకు గోరింటాకు పెట్టుకుంది. పని చేసిన మా చిన్నమ్మాయి అడగలేదు, పాయ తీసి పరీక్ష చేయలేదు, బ్లీచ్ కలిపేసింది. అక్కడక్కడా నారింజ రంగు తేలింది. కస్టమర్ నాకు ఫోన్ చేసింది. నేను ఆటోలో పరుగెత్తుకొచ్చి, మేనేజరును ఒక్క మాట అడగకుండా డబ్బు మొత్తం తిరిగిచ్చేశాను. ఆ సాయంత్రం మేనేజరు, "అక్కా, నేను రెండు రోజుల్లో సరిచేస్తానని వాళ్ళకు మాటిచ్చాను" అంది. ఆమె మాటకు విలువ లేదని మొత్తం సెలూన్ ముందు నేనే చూపించాను.

అప్పటి నుంచి బుకింగ్ నంబరు వేరే సిమ్ మీద, సెలూన్లోనే ఉండే ఫోనులో ఉంది. నా సొంత నంబరుకు చేసినవాళ్ళకు కూడా ఆ నంబరే చెప్తాను, పాత కస్టమరైనా సరే. 1,500 లోపు తిరిగివ్వడం, తగ్గించడం ఆమె ఇష్టం, నన్ను అడగక్కర్లేదు. ఏడు రోజుల్లో వచ్చినవాళ్ళకు ఉచితంగా సరిచేయడం, అదీ మొదట చేసిన మనిషి కాకుండా ఇంకొకరితో. ఈ హద్దులు దాటితే నాకు ఫోన్. ఏం చేసినా రిజిస్టరులో రెండు వాక్యాలు రాయాలి. హైలైట్స్‌కు ముందు గోరింటాకు, పాత డై గురించి అడిగి, కనపడని చోట ఒక పాయ మీద వేసి చూడాలన్న నియమం మేనేజరు పెట్టిందే. నేను పెట్టి ఉంటే ఇంత గట్టిగా నిలిచేది కాదు.

డబ్బు లెక్క తేలికైనదే, త్వరగా చెప్తాను. పొద్దున గల్లాలో 2,000 చిల్లర, రాత్రి ఇద్దరు కలిసి లెక్క, యూపీఐ మొత్తాన్ని రిజిస్టరుతో సరిచూడటం. గోడ మీద క్యూఆర్ మన ఖాతాదేనా అని మీరే అప్పుడప్పుడు పది రూపాయలు పంపి చూసుకోండి. సరుకు దగ్గర మాత్రం తొందరపడి ఎవరినీ అనుమానించకండి. మాకు ఒక నెల రిజిస్టరులో 22 రూట్ టచప్‌లు ఉంటే అరలో 31 కలర్ ట్యూబులు ఖాళీ అయ్యాయి. దొంగతనమనుకున్నాను. మేనేజరు వారం పాటు గిన్నెలు చూసి, చిన్నవాళ్ళు కంటి అంచనాతో కలుపుతున్నారని, మిగిలిందంతా సింక్‌లో పోతోందని పట్టుకుంది. చిన్న తూకం మిషన్ కొన్నాం. పలుచటి జుట్టుకు మొత్తం 60 గ్రాముల ట్యూబు అక్కర్లేదు, సగం కంటే కొంచెం ఎక్కువ చాలు. మిగిలిన ట్యూబు మూత బిగించి పెడితే ఇంకోసారికి వస్తుంది. తర్వాతి నెల 22 పనులకు 20 ట్యూబులు అయ్యాయి.

పక్కకు జరగడం ఒక్కసారిగా చేయలేదు. మొదట మంగళవారం ఒక్కరోజు వెళ్ళడం మానేశాను. తర్వాత నెలకు వరుసగా మూడు రోజులు. ఆ తర్వాత పెళ్ళిళ్ళ సీజన్ మధ్యలో వారం. ఖాళీ నెలలో వదిలి చూస్తే ఏమీ తెలియదు, రద్దీలోనే తెలుస్తుంది. తిరిగొచ్చాక నేను ముందు చూసేది అమ్మకం కాదు, వంతు బోర్డు. ఎవరి పేరైనా కొట్టేసి ఉందా, ఎందుకు కొట్టేశారు అని.

రెండు పనులు ఇంకా ఆమెకు ఇవ్వలేదు. మనిషిని పనిలోకి తీసుకోవడం, రేట్లు మార్చడం. తన చుట్టం అమ్మాయిని పెట్టమని ఇంట్లోవాళ్ళు ఆమె మీద ఒత్తిడి తెస్తారు, "అక్క ఒప్పుకోలేదు" అని చెప్పుకునే వీలు ఆమెకు ఉండాలి. ఈ మాట ఆమే నాతో అంది. మొన్న విశాఖలో మా అమ్మాయి కాన్పుకు పన్నెండు రోజులు ఉన్నాను. ఆ పన్నెండు రోజుల్లో సెలూన్ నుంచి నాకు వచ్చిన ఫోన్లు రెండు. ఒకటి గీజర్ కాలిపోయిందని. రెండోది మనవరాలు ఎలా ఉందని.