ఓవరాల్ 7 వచ్చినా అప్లికేషన్ ఎందుకు ఆగింది? ఐఈఎల్‌టీఎస్, టోఫెల్‌పై హైదరాబాద్ స్టూడియోలో చర్చ

యాంకర్: నమస్కారం. అమీర్‌పేట్‌లో ఏ సందులోకి వెళ్లినా విదేశీ చదువులకి అడిగే ఇంగ్లిష్ పరీక్షలు ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ బోర్డులు పక్కపక్కనే కనిపిస్తాయి, రెండింట్లో ఏది రాయాలని అడిగితే మాత్రం ఎవరి దగ్గర సీటు ఖాళీ ఉంటే వాళ్లు అదే బెస్ట్ అంటారు. అందుకే ఇవాళ ఒక్క కేసు తీసుకుని మాట్లాడుకుందాం. మనతో ఒక ట్రైనర్, విదేశీ అడ్మిషన్లు చూసే ఒక కౌన్సెలర్, ఎంఎస్‌కి అప్లై చేస్తున్న ఒక అమ్మాయి ఉన్నారు. అమ్మా, ముందు మీ స్కోరు చెప్పండి.

విద్యార్థిని: ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రాశాను సార్. లిజనింగ్ 7.5, రీడింగ్ 7, రైటింగ్ 6, స్పీకింగ్ 6.5. ఓవరాల్ 7 అని ఇచ్చారు. ఇంట్లో స్వీట్లు కూడా పంచేశారు. తీరా చూస్తే నేను అనుకున్న యూనివర్సిటీ ఓవరాల్ 6.5 చాలు అంటూనే ఏ సెక్షన్‌లోనూ 6.5కి తగ్గకూడదని కింద ఇంకో లైన్ పెట్టింది.

కౌన్సెలర్: ఆ కింది లైన్ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. నాలుగూ కూడితే 27, నాలుగుతో భాగిస్తే 6.75. ఐఈఎల్‌టీఎస్‌లో సగటు చివర .75 వస్తే పై బ్యాండ్‌కి, .25 వస్తే పై అర బ్యాండ్‌కి తీసుకెళ్తారు, అలా 7 అయింది. అంటే ఆ 7లో కొంత రౌండింగ్ పుణ్యం. సెక్షన్ మార్కులకి అలాంటి పుణ్యం ఏమీ ఉండదు, రైటింగ్ 6 అంటే 6 అంతే.

యాంకర్: సరే, ఇప్పుడు టోఫెల్‌కి మారితే ఈ రైటింగ్ గండం గట్టెక్కుతుందా?

ట్రైనర్: అందరూ మొదట అడిగేది అదే. అసలు ఆ 6 ఎందుకొచ్చిందో చూడకుండా పరీక్ష మారిస్తే డబ్బులు దండగ. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌కి గంట టైం, రెండు టాస్కులు. మొదటిది గ్రాఫో చార్టో చూసి కనీసం 150 పదాలు, రెండోది 250 పదాల ఎస్సే. రెండో దానికి రెండింతల వెయిటేజీ. మనవాళ్లు గ్రాఫ్‌లో ఉన్న ప్రతి అంకెనీ రాయాలని కూర్చుంటే అరగంట దానికే అయిపోతుంది, తర్వాత ఎస్సే హడావిడిగా ముగిస్తారు. మొదటి టాస్క్‌లో 7, రెండో దాంట్లో 5.5 స్థాయిలో రాశావనుకుందాం అమ్మా. రెండో దాన్ని రెండుసార్లు లెక్కేస్తే 18, మూడుతో భాగిస్తే నీకొచ్చిన 6 సరిగ్గా వస్తుంది.

విద్యార్థిని: గ్రాఫ్ బాగానే రాశాననుకున్నాను మేడం, ఎస్సేకి మాత్రం ముగింపు రెండు లైన్లతో సరిపెట్టాను.

ట్రైనర్: మరి అక్కడే పోయింది. గ్రాఫ్‌కి ఇరవై నిమిషాలు, ఎస్సేకి నలభై. గ్రాఫ్‌లో అంకెల కంటే ముందు మొత్తం మీద ఏం పెరిగింది, ఏం తగ్గిందో చెప్పే ఒకటి రెండు వాక్యాలు ఉండాలి, దాన్నే ఓవర్‌వ్యూ అంటాం. అది లేకపోతే ఎన్ని అంకెలు రాసినా బ్యాండ్ లేవదు.

యాంకర్: టోఫెల్‌లో గ్రాఫ్ ఉండదు కదా?

ట్రైనర్: ఉండదు సార్, నలభై నిమిషాల ఎస్సే కూడా లేదు. 2026 జనవరిలో పరీక్షే మారిపోయింది. ఇప్పుడు రైటింగ్‌లో చెల్లాచెదురుగా ఉన్న పదాలతో వాక్యం కట్టడం, ఒక ఈమెయిల్ రాయడం, క్లాసులో జరిగే చర్చకి పది నిమిషాల్లో జవాబు రాయడం ఉంటాయి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో సీనియర్ల దగ్గర్నుంచి చేతులు మారే పాత పుస్తకాల్లో మాత్రం ఇంకా లెక్చర్ విని, పాసేజ్ చదివి వ్యాసం రాసే మోడలే ఉంది. పుస్తకం కొనేముందు అది చూసుకోండి. పొడుగ్గా వాదన నడపలేక, వేగంగా టైప్ చేస్తూ చిన్న జవాబులు శుభ్రంగా రాసేవాళ్లకి టోఫెల్ కలిసొస్తుంది.

యాంకర్: మరి స్పీకింగ్?

ట్రైనర్: అక్కడే మనిషిని బట్టి తేడా. ఐఈఎల్‌టీఎస్‌లో ఎగ్జామినర్‌తో పదకొండు నుంచి పద్నాలుగు నిమిషాలు మాట్లాడాలి, ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనొచ్చు. టోఫెల్‌లో హెడ్‌సెట్ పెట్టుకుని మైకుతో మాట్లాడాలి. విన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి, తర్వాత రికార్డు చేసిన ఇంటర్వ్యూ ప్రశ్నలకి ఆలోచించుకునే టైం లేకుండా జవాబివ్వాలి. పక్క క్యాబిన్‌లో ఇంకొకరి గొంతు వినబడుతుంటుంది. కొందరికి మనిషి ఎదురుగా ఉంటే టెన్షన్, కొందరికి ఎవరూ తలూపకపోతే మాటే రాదు.

విద్యార్థిని: నాకు రెండోదే.

కౌన్సెలర్: లిజనింగ్‌లో ఇంకో తేడా ఉంది. ఐఈఎల్‌టీఎస్‌లో చాలా జవాబులు మనమే రాయాలి, స్పెల్లింగ్ తప్పితే మార్కు పోయినట్టే. రెండు పదాలకి మించకూడదని చెప్పిన చోట మూడు రాసినా పోయినట్టే. టోఫెల్‌లో లిజనింగ్ ఆప్షన్లే, కాకపోతే మొదటి భాగం ఎలా చేశారనేదాన్ని బట్టి రెండో భాగం ప్రశ్నల స్థాయి మారుతుంది.

యాంకర్: టోఫెల్ స్కోరు కూడా మారిందంటున్నారు, 120కి ఇచ్చే పాత లెక్క పోయిందా?

కౌన్సెలర్: పూర్తిగా పోలేదు. ఇప్పుడు ఒకటి నుంచి ఆరు దాకా అర పాయింట్లతో ఇస్తున్నారు, నాలుగు సెక్షన్ల సగటే ఓవరాల్. రెండేళ్ల పాటు పక్కనే 120కి సమానమైన స్కోరు కూడా చూపిస్తారు. కాబట్టి యూనివర్సిటీ పేజీలో ఇంకా 100 కావాలని ఉంటే కంగారు పడక్కర్లేదు, కానీ 5 వచ్చిందని చూసి ఐఈఎల్‌టీఎస్ 5లా ఏడవడం మొదలుపెట్టకండి. ఈ మధ్య ఒక తండ్రి నాకు ఫోన్ చేసి నిజంగానే అలా బాధపడ్డారు.

యాంకర్: (నవ్వుతూ) మరి ఈ అమ్మాయి ఏం చేయాలి?

కౌన్సెలర్: కంప్యూటర్‌లో రాశావా అమ్మా?

విద్యార్థిని: అవును సార్.

కౌన్సెలర్: అయితే వన్ స్కిల్ రీటేక్ ఉంది. పరీక్ష రాసిన 60 రోజుల లోపు రైటింగ్ ఒక్కటే మళ్లీ రాయొచ్చు, ఒక్కసారే అవకాశం. 6.5 వస్తే మిగతా మూడూ అలాగే ఉంటాయి, కొత్త రిపోర్టు ఇస్తారు. కాకపోతే అన్ని యూనివర్సిటీలూ ఆ రీటేక్ రిపోర్టు ఒప్పుకోవు. టోఫెల్‌లోనూ మైబెస్ట్ స్కోర్స్ అని రెండేళ్లలో రాసిన పరీక్షల నుంచి ఒక్కో సెక్షన్‌లో ఎక్కువ వచ్చింది ఏరి చూపిస్తారు, దాన్నీ కొన్నే ఒప్పుకుంటాయి. డబ్బు కట్టేముందు అడ్మిషన్ ఆఫీసుకి మెయిల్ పెట్టి జవాబు రాతలో తెచ్చుకోవాలి. కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్‌లో "ఏం కాదమ్మా" అంటే అది జవాబు కాదు.

యాంకర్: రీవాల్యుయేషన్?

కౌన్సెలర్: ఆరు వారాల లోపు అడగొచ్చు, బ్యాండ్ మారితే ఫీజు వాపసు. కానీ ఎస్సే నిజంగానే సగంలో ఆగిందని తెలిసినప్పుడు దాని మీద ఆశ పెట్టుకోవడం ఎందుకు?

యాంకర్: ఇంతకీ ఏ దేశం?

విద్యార్థిని: అమెరికా సార్. యూకేలో ఒకటి బ్యాకప్.

కౌన్సెలర్: అమెరికా వీసాకి ఈ పరీక్షలేవీ అడగరు, అడిగేది యూనివర్సిటీనే, రెండూ విస్తారంగా తీసుకుంటాయి. టీచింగ్ అసిస్టెంట్‌షిప్ కావాలంటే మాత్రం చాలా చోట్ల స్పీకింగ్‌కి విడిగా ఎక్కువ కటాఫ్ ఉంటుంది, నీ 6.5 అక్కడ సరిపోతుందో లేదో డిపార్ట్‌మెంట్ పేజీలో చూడు. యూకేలో డిగ్రీ స్థాయి కోర్సుకి యూనివర్సిటీ తనే నీ ఇంగ్లిష్ నిర్ధారించవచ్చు, కాబట్టి కొన్ని టోఫెల్ కూడా తీసుకుంటాయి. డిగ్రీ కంటే కింది కోర్సు అయితే వీసాకి ప్రభుత్వం ఒప్పుకున్న పరీక్షే కావాలి, అందులో టోఫెల్ లేదు. ఐఈఎల్‌టీఎస్ ఫర్ యూకేవీఐ అని విడిగా బుక్ చేయాలి. పేపర్ అదే, బుకింగ్ మాత్రం వేరు.

ట్రైనర్: నా మాట అడిగితే ఈ అమ్మాయి టోఫెల్ జోలికి వెళ్లొద్దు. మూడు సెక్షన్లు గట్టిగా ఉన్నాయి, మైకు చూస్తే మాట రాదంటోంది, పోయింది ఒక్క టైం లెక్క. రీటేక్ రోజున ముందు ఎస్సే రాయి అమ్మా, గ్రాఫ్ తర్వాత. ఏది ముందు రాసినా అడ్డు చెప్పేవాళ్లు ఉండరు.

విద్యార్థిని: మెయిల్‌కి వాళ్లు రీటేక్ ఒప్పుకోం అని జవాబిస్తే?

ట్రైనర్: అప్పుడు నాలుగూ మళ్లీ రాయాలి, ఐఈఎల్‌టీఎస్సే. మెయిల్ ఈ రాత్రే పెట్టు, 60 రోజుల గడువు జవాబు కోసం ఆగదు కదా.