గోడౌన్ ఇన్‌చార్జి కావలెను

శ్రోతలకు నమస్కారం.

క్లాసిఫైడ్స్ పేజీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో తరచూ కనిపించే తరహా ప్రకటన ఒకటి చదువుతాను, వినండి. "విత్తనాల గోడౌన్‌కు ఇన్‌చార్జి కావలెను. 25 నుంచి 30 ఏళ్ల లోపు, దృఢకాయులైన యువకులు. సొంత బైక్ ఉండాలి. పెళ్లయిన స్థానికులకు ప్రాధాన్యం."

దీన్ని ఆడా మగా అందరికీ వర్తించేలా మార్చాలంటే, యువకులు అన్నచోట అభ్యర్థులు అని పెట్టేస్తే పనైపోయిందనుకుంటారు చాలామంది. కాలేదు. దృఢకాయులు, బైక్, పెళ్లి అలాగే ఉన్నంతకాలం, అది ఎవరి కోసం రాశారో చదివిన అమ్మాయికి ఇట్టే తెలిసిపోతుంది. అలాగని కష్టంగా కనిపించిన షరతులన్నీ కొట్టేస్తే, చేరినవాళ్లు వారం తిరక్కుండానే మానేస్తారు. కాబట్టి యజమానిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక్కో మాటకీ ఒకటే అడగాలి. అయ్యా, ఇది ఏ పని కోసం రాశారు?

దృఢకాయుల దగ్గరే మొదలుపెడదాం. "లారీ వస్తే బస్తాలు దించాలి కదండీ" అంటాడాయన. దించేది ఎవరు? హమాలీలు! ఇన్‌చార్జి చేసేది పక్కన నిలబడి బస్తాలు లెక్కపెట్టడం, లాట్ నంబరు, గడువు తేదీ సరిచూసి స్టాకు రిజిస్టర్‌లో ఎక్కించడం. అంటే ఆ మాట ఇన్‌చార్జి పనిలోంచి వచ్చింది కాదు. నిజంగా కావలసింది లెక్కలో పట్టు, రిజిస్టర్ రాయడం. అవేమో ప్రకటనలో అసలు లేనే లేవు. ఒకవేళ హమాలీలు లేని రోజున ఇన్‌చార్జే 25 కిలోల బస్తాలు జరపాల్సి వస్తే, అది పని కిందికే వస్తుంది. అప్పుడు ఆ బరువు, ఎన్నాళ్లకోసారి జరపాలో రాయాలి. మోయగలరో లేదో చదివినవాళ్లే తేల్చుకుంటారు.

వయసు సంగతి ఇంకా తమాషా. "ముప్పై దాటితే జీతం ఎక్కువ అడుగుతారండి." సరే, అయితే జీతమే రాయండి. నెలకు 18 వేలు అని రాస్తే, ఎక్కువ కావాలనుకునేవాళ్లు ఫోనే చేయరు. పిల్లలు పెద్దవాళ్లయ్యాక మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటున్న నలభై రెండేళ్లావిడ ఆ జీతానికి సంతోషంగా రావచ్చు. పాత ప్రకటన ఆమెను గుమ్మంలోనే ఆపేసేది.

పెళ్లయినవాళ్లే ఎందుకు? నిలకడగా ఉంటారట. అదే యజమాని, వచ్చింది పెళ్లయిన అమ్మాయైతే, "కాన్పుకి వెళ్లి మళ్లీ రారేమోనండి" అని నసుగుతాడు. మగవాడికి మార్కులు తెచ్చిన పెళ్లే ఆడపిల్లకి కోతలు పెడుతుంది. ఆయన భయం మాత్రం నిజమైనదే. సీజన్ మధ్యలో మానేస్తే కష్టం. అందుకని ఖరీఫ్, రబీ రెండు సీజన్లూ పనిచేయగలవారు అని రాస్తే సరి. స్థానికులు అన్నది కూడా అంతే. ఉదయం ఏడున్నరకి షట్టర్ తీయాలన్నదే అసలు అవసరం. పక్క ఊరి నుంచి టైముకి వచ్చేవాళ్లుంటే ఆయనకేం ఇబ్బంది?

బైక్ మాత్రం తీసేయకూడదు. డీలర్ల దగ్గరికి వెళ్లి బాకీలు వసూలు చేయాలి, బండి లేకపోతే ఈ ఉద్యోగం నడవదు. కాకపోతే బైక్ బదులు టూవీలర్ అంటే స్కూటీ కూడా వస్తుంది, సైడ్ వీల్స్ బిగించిన బండీ వస్తుంది. సీజన్‌లో లారీలు రాత్రి తొమ్మిది దాటాక వస్తాయన్న మాటా దాచొద్దు. ఆడవాళ్ల రాత్రి డ్యూటీకి రాష్ట్రాల చట్టాలు పెట్టే భద్రత, రవాణా షరతులు తీర్చాల్సింది యజమాని. వాటిని సాకుగా చూపి ఆడవాళ్లు వద్దనడం కుదరదు. 1976 సమాన వేతన చట్టం పేరులో జీతం మాటే ఉన్నా, ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు కూడా వివక్ష కూడదంది. దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ సంగతి ఉంది. ఫలానా పనిలో ఆడవాళ్లను పెట్టకూడదని చట్టమే చెప్పినచోట తప్ప.

ఇప్పుడు కొత్త ప్రకటన వినండి. "విత్తనాల గోడౌన్‌కు ఇన్‌చార్జి కావలెను. స్టాకు రిజిస్టర్ రాయడం, డీలర్ల నుంచి బాకీలు వసూలు చేయడం. సొంత టూవీలర్, లైసెన్స్ ఉండాలి, పెట్రోలు ఖర్చు ఇస్తాం. పని ఉదయం ఏడున్నర నుంచి. జూన్, జులైలలో వారానికి రెండు రాత్రులు లారీ దింపించాలి. రెండు సీజన్లూ ఉండగలవారు. జీతం 18 వేలు."

దీన్ని యజమానికిచ్చి రెండు ప్రశ్నలు వేయాలి. ఇందులో ఉన్నవన్నీ చేయగలిగి కూడా మీకు పనికిరాని మనిషి ఎవరైనా ఉంటారా? ఉంటారంటే ఏదో అవసరం రాయకుండా వదిలేశామన్నమాట, అదీ కాకపోతే పాత ఇష్టం ఇంకా ఆయన మనసులోనే ఉందన్నమాట. మీకు చక్కగా పనికొచ్చే మనిషిని ఇందులోని ఏ షరతైనా ఆపేస్తోందా? ఆపేస్తుంటే ఆ షరతు మళ్లీ చూడాలి.

ఇంతా చేశాక, ప్రకటన కింద ఇచ్చిన నంబరుకి ఫోన్ ఎవరు ఎత్తుతారో కనుక్కోండి. కౌంటర్లో కుర్రాడు "మగవాళ్లకేనండీ" అని పెట్టేస్తే, మనం రాసిందంతా అక్కడితో సరి. కొత్త ప్రకటన కాపీ ఒకటి ఆ ఫోన్ పక్కనే అతికించి, అందులో ఉన్నవే అడగమని ఆ కుర్రాడికి చెప్పి రావాలి.

నమస్కారం.